ఆగింది అంటే పోయినట్టా? అడక్కుండా ఎలా తెలుస్తాది?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి. చదివి తిట్టాలనిపిస్తే తిట్టండి, గాని మధ్యలో ఆపేసి మాత్రం తిట్టొద్దు.

మా హాస్టల్లో ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. "కంపెనీ హైరింగ్ ఆపేసింది. ఇప్పుడు ఫోన్ చేసి అడిగావంటే ఉన్న పేరు కూడా కొట్టేస్తారు. గమ్మున ఉండు, వాళ్లే పిలుస్తారు." సీనియర్లు చెప్తున్నారు, కాలేజీలో ప్లేస్‌మెంట్ చూసే సార్లూ చెప్తున్నారు. మంచి మనసుతోనే చెప్తున్నారు, కాదనం. కానీ ఈ సలహా తప్పు. దీనివల్ల మనవాళ్లకి ఏడాదికి ఏడాది పోతోంది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాం.

మా కళ్ల ముందు జరిగింది ఒకటి చెప్తాం. పేర్లు రాయం, కంపెనీ పేరూ రాయం. డుంబ్రిగూడ వైపు నుంచి వచ్చిన అక్క. బీఎస్సీ కంప్యూటర్స్. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. ఫైనల్ ఇయర్ ఫిబ్రవరిలో విశాఖలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చింది, సెలెక్ట్ అయింది. జులైలో జాయినింగ్ అన్నారు. మే నెలలో పరీక్షలైపోయి హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయింది. జూన్‌లో మెయిల్ వచ్చింది: కొత్త నియామకాలు ప్రస్తుతానికి నిలిపివేశాం, తదుపరి సమాచారం తెలియజేస్తాం. అంతే, రెండే లైన్లు.

అక్క అడగలేదు. అడగొద్దన్నారు కదా. పీజీసెట్ రాసి ర్యాంకు తెచ్చుకుంది గాని కౌన్సెలింగ్‌కి వెళ్లలేదు, మధ్యలో జాబ్ పిలుపు వస్తే సీటు వదిలేయాల్సి వస్తుందని. విశాఖలోనే ఒక షాపులో బిల్లింగ్ పని దొరికితే అదీ వద్దనుకుంది. డిసెంబర్‌లో కాఫీ పళ్లు ఏరుతూ ఉంటే మేమే వెళ్లి కూర్చోబెట్టి మెయిల్ రాయించాం. నాలుగో రోజు జవాబు వచ్చింది. ఆ పోస్టు ఆగస్టులోనే మూసేశారంట. కొత్తగా తెరిస్తే మళ్లీ అప్లై చేసుకోవాలంట.

ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా అక్క దేని కోసం ఎదురు చూసినట్టు? అక్కడ అసలు ఏమీ లేదు. కౌన్సెలింగ్ జరిగే నాటికే లేదు. ఒక్క మెయిల్ ఆగస్టు చివర్లో పెట్టి ఉంటే పీజీ సీటైనా దక్కేది, దానితో హాస్టల్ సీటూ దక్కేది. పేరు కొట్టేస్తారని భయపడింది, కానీ కొట్టేయడానికి ఆ జాబితాయే మిగల్లేదు.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. "హైరింగ్ ఫ్రీజ్" అనగానే మనం కంపెనీ గేటుకి తాళం వేసినట్టు ఊహించుకుంటాం. లోపల జరిగేది అలా ఉండదు. ఆ అక్క సంగతి తెలిశాక, హెచ్ఆర్‌లో పని చేసే మన గిరిజన అన్న ఒకర్ని పట్టుకుని రెండు గంటలు అడిగాం. ఆయన చెప్పింది మాకు అర్థమైన భాషలో చెప్తాం.

కంపెనీలో ఒక మనిషి కావాలంటే ముందు ఆ టీమ్ మేనేజర్ అడుగుతాడు. డబ్బు లెక్క చూసేవాళ్లు ఒప్పుకుంటారు. అప్పుడు హెచ్ఆర్ వాళ్లు ఆ ఖాళీకి ఒక నంబర్ ఇస్తారు. మనం అప్లై చేసినప్పుడు వచ్చే మెయిల్లో జాబ్ ఐడీ అని ఉంటుందే, అదే. మన ఇంటర్వ్యూ మార్కులు, మన పేరు, అన్నీ ఆ నంబర్‌కే కట్టి ఉంటాయి. ఫ్రీజ్ ప్రకటించినప్పుడు ఆ నంబర్‌కి మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఒకటి, నంబర్‌ని పక్కన పెడతారు. ఖాళీ అలాగే ఉంటుంది, డబ్బు విడుదల ఆగుతుంది. రెండు, నంబర్‌నే మూసేస్తారు. తర్వాత ఎప్పుడో మనిషి కావాలన్నా మళ్లీ మేనేజర్ అడగాలి, మళ్లీ అనుమతి రావాలి, కొత్త నంబర్ పుట్టాలి, మన పాత ఇంటర్వ్యూ దానికి అంటుకోదు. మూడు, ఆ నంబర్‌కి ఫ్రీజ్ తగలనే తగలదు.

మూడోది చాలామందికి తెలీదు. దీనికి ఊరూ పేరూ ఉన్న ఉదాహరణే ఉంది. 2022 నవంబర్‌లో అమెజాన్ తన ఆఫీసు ఉద్యోగాల్లో కొత్త నియామకాలు ఆపుతున్నట్టు ప్రకటించింది. ప్రపంచమంతా "అమెజాన్‌లో హైరింగ్ బంద్" అని హెడ్డింగులు పెట్టారు. కానీ ఆ కంపెనీ హెచ్ఆర్ పెద్ద బెత్ గలెట్టి ఉద్యోగులకు పంపిన నోట్ చదివితే వేరే సంగతి ఉంది. ఆపేది అదనంగా పెంచే పోస్టుల్ని. వెళ్లిపోయిన వాళ్ల స్థానంలో మనుషుల్ని తీసుకోవడం ఉంటుంది, కొన్ని చోట్ల కొత్తవాళ్లనూ తీసుకుంటాం అని అందులోనే ఉంది. అంటే అదే రోజు, అదే కంపెనీలో, ఒకరి పోస్టు ఆగింది, ఇంకొకరిది నడిచింది. పేపర్ హెడ్డింగ్ చూసి ఇంట్లో కూర్చున్నవాడికి తనది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంకోటి. కంపెనీ వెబ్‌సైట్‌లో పోస్టు ఇంకా కనిపిస్తోంది కాబట్టి ఉన్నట్టే అని కొందరు ధైర్యంగా ఉంటారు. అదీ నమ్మొద్దు. లోపల ఆపేసినా బయట ప్రకటన తీయడం మర్చిపోతారు, లేదా మళ్లీ తెరిచినప్పుడు పనికొస్తుందని అలాగే ఉంచుతారు. కనిపించడం మానేసింది కదా అని పోయిందనుకోవడమూ తప్పే, పక్కన పెట్టినప్పుడు కూడా దాచేస్తారు. అప్లికేషన్ పేజీలో "పరిశీలనలో ఉంది" అని నెలల తరబడి ఉంటుంది, దానికి అర్థం ఎవరూ ఆ బటన్ ముట్టుకోలేదని మాత్రమే. కాబట్టి తెలుసుకునే దారి ఒక్కటే, మనిషిని అడగడం.

"అడిగితే కోపం తెచ్చుకుంటారు" అనే మాటకి వద్దాం. ఈ భయం కంపెనీల దగ్గర పుట్టింది కాదు. మన తాతలు సంతలో షావుకారు ముందు అడ్డ పిక్కలు, చింతపండు పోసి నిలబడేవారు. తూకం ఎంత అని అడిగితే వచ్చే వారం కొనడేమో అని అడిగేవారు కాదు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టాల్సి వచ్చిందే ఆ వ్యాపారుల దోపిడీ నుంచి కాపాడటానికి. ఆ తాత మనవలం మనం. ల్యాప్‌టాప్ పట్టుకున్నా తూకం అడగడానికి నోరు రావడం లేదు. మైదానం నుంచి వచ్చిన మన క్లాస్‌మేట్లు మాత్రం హెచ్ఆర్‌కి ఫోన్ చేస్తారు, లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెడతారు, వాళ్ల మావయ్య స్నేహితుడు ఆ కంపెనీలో ఉంటే ఆయన్ని అడిగిస్తారు. వాళ్ల పేరు ఎవరూ కొట్టేయడం లేదు. మనకి ఆ మావయ్య లేడు. అందుకే మెయిల్ మనకి ఇంకా ఎక్కువ అవసరం.

నిజం ఎంతో అంత ఒప్పుకుందాం. రోజూ ఫోన్ చేస్తే ఎవరికైనా చిరాకే. ఫ్రీజ్ వచ్చిన మర్నాడే అడిగితే హెచ్ఆర్ అమ్మాయికి కూడా ఏమీ తెలిసి ఉండదు, ఆమె ఉద్యోగమే ఉంటుందో ఊడుతుందో ఆమెకి తెలీదు. నియామకాలు ఆగినప్పుడు ముందు పని పోయేది నియమించేవాళ్లకే కదా. అందుకే అన్న చెప్పిన లెక్క ఇది: ప్రకటన వచ్చాక రెండు వారాలు ఆగి ఒకసారి, వాళ్లు చెప్పిన తేదీ దాటాక ఇంకోసారి. వాళ్లు ఏ తేదీ చెప్పకపోతే, కంపెనీ మూడు నెలల లెక్కలు చూసుకునే సమయం దాటాక. మన దేశపు కంపెనీలు ఎక్కువ ఏప్రిల్ నుంచి మార్చి దాకా సంవత్సరం లెక్క పెడతాయి కాబట్టి జులై, అక్టోబర్, జనవరి, ఏప్రిల్ నెలల్లో ఫలితాలు తేలాక ఆపిన వాటి మీద మళ్లీ మాట్లాడుకుంటారు. అమెరికా కంపెనీలకి చాలావరకు కొత్త బడ్జెట్ జనవరిలో.

ఏం రాయాలి? "సార్ నా జాబ్ ఉందా సార్, చాలా పేద కుటుంబం సార్" అని రాయకండి. పేదరికం నిజమే, కానీ చదివే మనిషి దానికి ఏ జవాబూ ఇవ్వలేడు. ఆమె కంప్యూటర్‌లో చూసి చెప్పగలిగేది అడగాలి. ఆ అక్కతో మేం రాయించిన మెయిల్ ఇంగ్లీషులోనే, తెలుగులో దాని సారం ఇది:

"నమస్తే మేడమ్. నేను ఫలానా జాబ్ ఐడీకి ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ ఇచ్చి ఎంపికయ్యాను. జూన్‌లో నియామకాలు నిలిపివేసినట్టు మీ మెయిల్ అందింది. మూడు విషయాలు తెలపగలరు. ఈ పోస్టు పక్కన పెట్టారా, మూసేశారా? పక్కన పెడితే మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు? తిరిగి తెరిచినప్పుడు నా ఎంపిక చెల్లుతుందా, మళ్లీ ఇంటర్వ్యూ ఇవ్వాలా? నాకు ఇప్పటికీ ఆసక్తి ఉంది. వేరే అవకాశాల మీద నేను నిర్ణయం తీసుకోవాల్సి ఉంది కాబట్టి అడుగుతున్నాను. మా ఊళ్లో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, దయచేసి మెయిల్‌లో జవాబు ఇవ్వండి."

కొత్త మెయిల్ కాకుండా వాళ్లు పంపిన పాత మెయిల్‌కే రిప్లై కొట్టాం. పాత సంభాషణ అంతా కిందే ఉంటుంది, ఆ హెచ్ఆర్ మారిపోయినా కొత్తగా వచ్చినామెకి కథ మొత్తం కనిపిస్తుంది. సిగ్నల్ సంగతి రాయడం సిగ్గు కాదు. మన ఊళ్లలో ఫోన్ మోగాలంటే కొండెక్కాలి. హెచ్ఆర్ రెండుసార్లు చేసి స్విచ్ఛాఫ్ అని వస్తే "ఆసక్తి లేదు" అని రాసేసుకుంటారు. అంతకన్నా పెద్ద గండం ఇంకొకటుంది. మనలో చాలామంది అరకులోనో పాడేరులోనో నెట్ సెంటర్‌లో అప్లై చేయించుకున్నాం. అక్కడి అన్నయ్య తన మెయిల్, తన ఫోన్ నంబర్ పెట్టేస్తాడు. కంపెనీ జవాబు ఇచ్చినా అది ఆయన పెట్టెలో పడి ఉంటుంది. ఈ రోజే చూసుకోండి మీది ఏ మెయిల్‌తో ఉందో.

జవాబు వచ్చాక చదవడం కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే హెచ్ఆర్ ఇంగ్లీషు మెత్తగా ఉంటుంది. "పక్కన పెట్టాం, అక్టోబర్ సమీక్ష తర్వాత చెప్తాం" అంటే ప్రాణం ఉంది. "మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం, భవిష్యత్తులో తగిన అవకాశం వస్తే సంప్రదిస్తాం" అంటే అయిపోయింది. అందులో మన జాబ్ ఐడీ మాటే లేదు చూడండి. "ప్రస్తుతానికి సమాచారం లేదు" అంటే ఆమెకీ తెలీదు, ఎవరికి తెలుసో మర్యాదగా అడగొచ్చు, ఇంటర్వ్యూ చేసిన టీమ్ మేనేజర్‌కి కాపీ పెట్టొచ్చు. పది పనిదినాలు ఏ జవాబూ లేకపోతే ఇంకొక్కసారి రాయాలి. దానికీ లేకపోతే పోయినట్టే లెక్క వేసుకుని మన పని మనం చూసుకోవాలి. రేపు పిలిస్తే అప్పుడు చూసుకుందాం.

అదే కంపెనీలో అదే ఏడాది వేరే టీమ్‌కి సెలెక్ట్ అయిన అనంతగిరి తమ్ముడు ఒకడున్నాడు. వాడికి నోరెక్కువ, అందరూ తిట్టేవాళ్లు. జూన్ చివర్లోనే అడిగాడు. పక్కన పెట్టాం, అక్టోబర్‌లో చూస్తాం, నీ ఇంటర్వ్యూ ఆరు నెలల దాకా చెల్లుతుంది అని వచ్చింది. ఆ ఆరు నెలలు అనే మాట వాడికి బంగారం అయింది. ఆగస్టు దాకా ఆగాల్సిన గడువు ఎంతో, ఎక్కడ వదిలేయాలో వాడికి తెలుసు. తేదీ చూసుకుని గడువు తీరకముందే ఇంకోసారి రాశాడు, పొడిగించమని. పొడిగించారు. మధ్యలో విశాఖలో కొరియర్ ఆఫీసులో పని చేశాడు. నవంబర్‌లో జాయిన్ అయ్యాడు. అడగడం వల్ల వాడికి ఉద్యోగం వచ్చిందని మేం అనడం లేదు. పోస్టు మూసేసి ఉంటే వాడికీ రాదు. తేడా ఏంటంటే వాడికి ప్రతి నెలా తను ఎక్కడున్నాడో తెలుసు, అక్కకి తెలీదు.

ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక ఆగిపోవడం వేరే సంగతి. ఇక్కడ మాత్రం గొంతు ఇంకా పెంచొచ్చు. ఇన్ఫోసిస్ 2022 బ్యాచ్‌లో దాదాపు 2 వేల మందికి ఆఫర్లిచ్చి రెండేళ్లు జాయినింగ్ ఇవ్వలేదు. ఎవరికి వారు ఇంట్లో కూర్చుని ఉంటే ఇంకెన్నాళ్లు నడిచేదో. పుణెలోని ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ వాళ్ల తరఫున కేంద్ర కార్మిక శాఖకి ఫిర్యాదు చేసింది, పేపర్లలో వచ్చింది. 2024 ఆగస్టులో కంపెనీ సీఈఓ సలిల్ పరేఖ్ బయటికొచ్చి, ఇచ్చిన ఆఫర్లన్నీ నిలబెట్టుకుంటాం, తేదీల్లోనే మార్పు అని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతే చాలామందికి జాయినింగ్ తేదీలు అందాయి. అందరూ కలిసి అడిగారు.

అడిగినంత మాత్రాన తీపి జవాబే వస్తుందనీ అనుకోకండి. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షలు అని ఆఫర్ ఇచ్చిన కుర్రాళ్లకి, 3.5 లక్షలకి వస్తారా అని మెయిల్ పెట్టింది. వస్తే త్వరగా జాయినింగ్, లేకపోతే పాత ఆఫర్ కోసం ఆగాలి. అలాంటి మెయిల్ మనకి వస్తే ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇంటి పరిస్థితి బట్టి. మా హాస్టల్లో దీని మీద సగం రాత్రి కొట్టుకున్నాం, తేలలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలం: పాత ఆఫర్ కోసం ఆగుతానంటే ఎంతకాలం అని రాతలో అడక్కుండా ఆగొద్దు. మన చేతిలో ఉన్నది లెటర్ ఆఫ్ ఇంటెంటా, ఆఫర్ లెటరా అని కూడా చూసుకోండి. మొదటిది తీసుకోవాలనే ఉద్దేశం చెప్పే కాగితం మాత్రమే. రెండోదాన్ని కూడా చివరి పేజీ దాకా చదవండి, జాయినింగ్ తేదీ మార్చే హక్కు మాది అని చాలావాటిలో చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఫ్రీజ్ వచ్చిందంటే దళారీ కూడా వస్తాడు. "బయటివాళ్లకే ఆపారు, నాకు లోపల మనిషి తెలుసు, పదిహేను వేలు డిపాజిట్ కట్టు" అంటాడు. ఉద్యోగానికి డబ్బు అడిగాడంటే అక్కడ ఉద్యోగం లేదని అర్థం. జాబ్ ఐడీ చెప్పమనండి, చెప్పలేడు.

"అడగొద్దు" అని చెప్పే అన్నలకి ఒక్క ప్రశ్న. మీరు ఊళ్లో ఉండి ఆరు నెలలు ఆగగలరు, ఎందుకంటే మీకు ఇప్పటికే జీతం వస్తోంది. ఫైనల్ ఇయర్ అయిన రోజే మంచం ఖాళీ చేయాల్సిన పిల్లకి మీరు ఏ లెక్కన గమ్మునుండమని చెప్తున్నారు? అడిగినందుకు పేరు కొట్టేసిన కంపెనీ ఒక్కటైనా మీ కళ్లతో చూశారా? చూస్తే కామెంట్‌లో రాయండి, మేం తప్పని ఒప్పుకుంటాం. ఇప్పటిదాకా అడిగిన సీనియర్లలో ఒక్కరూ చూపించలేదు. ఎవరో చెప్తే విన్నాం అన్నారు.

ఈ ఆదివారం సాయంత్రం హాస్టల్ రీడింగ్ రూమ్‌లో కూర్చుంటున్నాం. ఆగిపోయిన జాబ్ ఉన్నవాళ్లు రండి. జాబ్ ఐడీ, కంపెనీ పంపిన చివరి మెయిల్, మీ మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుంచుకుని రండి. పాస్‌వర్డ్ మాకు చెప్పొద్దు, మీరే టైప్ చేయండి. ఊళ్లో ఉన్నవాళ్లు సంతకి దిగినప్పుడు సిగ్నల్ దొరికే చోట నుంచి మెసేజ్ పెట్టండి, ఇంగ్లీషు మేం సరిచేసి పంపిస్తాం. ఆ అక్క కూడా వస్తోంది, ఈసారి రాయించేది తనే.